పోస్టు రద్దయిన ఉద్యోగికి తొలగింపు లేఖ: ఈ చిత్తుప్రతి ఒకసారి చూసి చెప్పండి

లెక్కలపుస్తకం

మాది చిన్న సంస్థ. జీతాలు, సెలవులు, ఉద్యోగుల కాగితాలు అన్నీ నేనే చూస్తాను. సొంత బ్రాండు సరుకు ఆపేసి, ఇతరుల సరుకు మాత్రమే అమ్మాలని యజమానులు నిర్ణయించారు. దాంతో ప్యాకేజింగ్ డిజైనర్‌కు పని లేకుండా పోయింది. ఆ పోస్టునే తీసేస్తున్నారు. వేరే పనిలో సర్దుదామని చూశాం, ఆయన అనుభవానికి తగిన ఖాళీ మా దగ్గర లేదు. మనిషి మంచివాడు, పని కూడా బాగా చేస్తాడు. ఆ లేఖ నా చేతుల మీదుగా వెళ్తున్నప్పుడు అందులో ఒక్క మాట కూడా ఆయనకు అన్యాయం చేయకూడదని నా పట్టుదల.

వివరాలు ఇవి. ఆయన చేరింది ఆరేళ్ల క్రితం జనవరి 3న. నెల జీతం 45,000. ఒప్పందంలో నెల నోటీసు అని ఉంది. పోస్టు రద్దయితే సర్వీసులో ప్రతి ఏడాదికి సగం నెల జీతం పరిహారం, ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు అని మా నిబంధనల్లో ఉంది. సెలవులు నెలకు రెండు చొప్పున, ప్రతి నెలాఖరున జమ అవుతాయి. ఈ ఏడాది ఇప్పటికి ఏడు వాడుకున్నారు.

యజమాని ఇచ్చిన పాత నమూనా పట్టుకుని ఇలా రాశాను:

"తేదీ: జూన్ 1. సంస్థ పునర్వ్యవస్థీకరణను, మీ పనితీరును, వ్యాపార అవసరాలను దృష్టిలో ఉంచుకుని మీ సేవలను జూన్ 30తో ముగిస్తున్నాం. నోటీసు కాలంలో మీరు యథావిధిగా విధులకు హాజరు కావాలి. సంస్థ ఆస్తులన్నీ వెంటనే అప్పగించాలి. ఆస్తులు అందిన తర్వాతే తుది బకాయిలు చెల్లిస్తాం. పరిస్థితి మెరుగుపడితే మిమ్మల్ని తప్పక తిరిగి పిలుస్తాం. పై విషయాలు అంగీకరిస్తున్నాను, సంస్థ నుంచి నాకు ఇక రావలసినది ఏమీ లేదు. (ఉద్యోగి సంతకం)"

యజమాని ప్రయాణంలో ఉన్నారు. జూన్ 5న వచ్చాక ఆయనే స్వయంగా అందజేస్తారు. ఏమైనా తేడాలు కనిపిస్తే చెప్పండి.

నల్లసిరా

బాగానే ఉంది కదా. నెల నోటీసు అన్నారు, జూన్ 1 నుంచి 30 వరకు సరిపోయింది. ఇంత చిన్న విషయానికి యజమాని వచ్చేదాకా ఆగడం ఎందుకు, ఈమెయిలు పంపేయండి. మా దగ్గర అలాగే చేస్తారు.

తొలికిరణం

ముందు ధైర్యంగా ఉండండి. పనితీరు బాగాలేదని ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా తీసేయడానికి వాళ్లకు హక్కు లేదు. మీరు సంతకం పెట్టకండి. కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి.

జీతాలరోజు

@తొలికిరణం, ఆవిడను తీయడం లేదండి, ఆవిడ లేఖ రాస్తున్నారు :)

తొలికిరణం

అవునా! హడావిడిగా చదివాను. అయినా "పనితీరు" అన్న మాట చూడగానే నాకు అలా అనిపించింది అంటే, ఆ డిజైనర్‌కు కూడా అలాగే అనిపిస్తుంది కదా?

పాతఫైళ్లు

@తొలికిరణం పొరపాటున చదివినా అసలు చోటే పట్టుకున్నారు. ఉద్యోగుల వ్యవహారాల విభాగంలోనే నా జీవితమంతా గడిచింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక మనిషిని ఉద్యోగం నుంచి తీయడానికి కారణాలు మూడు రకాలు: అతని సామర్థ్యం, అతని ప్రవర్తన, లేదా సంస్థ అవసరాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో తెచ్చిన 158వ ఒప్పందంలో ఈ మూడే రాశారు. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, కానీ ఈ విభజన చాలా చోట్ల చట్టాల్లోనూ కోర్టుల ఆలోచనలోనూ ఉంది. పోస్టు రద్దు మూడో రకం. అందులో మనిషి ప్రస్తావన రాకూడదు. "మీ పనితీరును" అన్న రెండు మాటలతో మీ లేఖ మొదటి రకంలోకి జారిపోయింది. అప్పుడు ఆయన అడగగలిగే ప్రశ్నలు వేరు: నా పనితీరులో లోపం ఏమిటి, ఎప్పుడు చెప్పారు, సరిదిద్దుకునే అవకాశం ఇచ్చారా? వాటికి మీ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే లోపమే లేదు.

"పునర్వ్యవస్థీకరణ" కూడా తీసేయండి. ఆ మాట చదివిన వాడికి ఏమీ తెలియదు. మీరు మాకు చెప్పినట్టే రాయండి: సొంత బ్రాండు సరుకు ఆపేశాం, అందువల్ల ప్యాకేజింగ్ డిజైనర్ పోస్టు ఉండదు. పోస్టు పేరు తప్పక ఉండాలి. "మీ సేవలను ముగిస్తున్నాం" అని కాదు, "ఈ పోస్టు రద్దవుతోంది, అందువల్ల మీ ఉద్యోగం ఫలానా తేదీతో ముగుస్తుంది" అని. అలా రాశాక మూడు నెలల్లో అదే కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడితే ఆ లేఖే సంస్థ మీద సాక్ష్యం అవుతుంది. ఈ సంగతి యజమానికి ముందే చెప్పండి.

ఇక తేదీ. @నల్లసిరా గారు సరిపోయింది అన్నారు, సరిపోలేదు. నోటీసు లెక్క లేఖ మీద వేసిన తేదీ నుంచి కాదు, అది ఉద్యోగి చేతికి అందిన రోజు నుంచి. చేతికి అందేది జూన్ 5న. మర్నాటి నుంచి లెక్కిస్తే నెల పూర్తయ్యేది జూలై 5న. జూన్ 30న ముగిస్తే నోటీసు అయిదు రోజులు తక్కువ.

నల్లసిరా

అయిదు రోజులకు జీతం ఇచ్చేస్తే సరిపోదా? నోటీసు బదులు జీతం ఇవ్వడం ఎక్కడైనా ఉన్నదే. 7,000 చిల్లర దాటదు.

జీతాలరోజు

ఇక్కడే ఆగాలి. ఆ అయిదు రోజుల్లో ఏమి జరుగుతుందో నేను లెక్క కట్టి చూశాను.

జనవరి 3న చేరారు. ఆరేళ్లు జనవరి 2తో నిండాయి. ఆపై ఆరు నెలలు నిండేది జూలై 2న. జూన్ 30న ముగిస్తే సర్వీసు ఆరేళ్ల అయిదు నెలల చిల్లర, అంటే పరిహారానికి 6 ఏళ్లు. జూలై 5న ముగిస్తే ఆరేళ్ల ఆరు నెలలు దాటాయి, అంటే 7 ఏళ్లు. సగం నెల జీతం 22,500. ఆరు ఏళ్లకు 1,35,000, ఏడు ఏళ్లకు 1,57,500. మీరు లేఖ మీద జూన్ 1 అని వేసి 5న ఇస్తే ఆయనకు 22,500 పోతాయి. ఆయన క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చుంటే మొదటి సాయంత్రమే ఇది కనిపెడతారు.

లెక్కలపుస్తకం

అయ్యో, ఇంత దగ్గరలో ఉందని నాకు తట్టలేదు. యజమానికి కూడా ఇది తెలిసి ఉండదు, కావాలని చేసింది కాదు.

పాతఫైళ్లు

కావాలని చేయకపోయినా చూసేవాళ్లకు కావాలని చేసినట్టే ఉంటుంది. ఆరు నెలల గీతకు రెండు రోజుల ముందు ముగింపు తేదీ, దానిపై వెనక్కి వేసిన లేఖ తేదీ. వివాదమైతే ఎవరూ నమ్మరు.

@నల్లసిరా అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. నోటీసు బదులు జీతం ఇస్తే ఉద్యోగం ఆ రోజే ముగిసినట్టా, లేక ఇవ్వవలసిన నోటీసు కాలం కూడా సర్వీసులో కలుస్తుందా అన్నది దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. కలపాలని చెప్పే చట్టాలు ఉన్నాయి. అందుకే నేనైతే ఆ వాదనలోకే వెళ్లను. జూలై 5 అని రాస్తాను. అయిదు రోజులు ఆయన పనికి వస్తారా రారా అన్నది వేరే మాట. కావాలంటే చివరి వారం పనికి రానక్కర్లేదు, జీతం వస్తుంది అని రాయండి. ఉద్యోగం మాత్రం 5 వరకు ఉంటుంది.

మీ దేశపు చట్టంలో ఒప్పందం కన్నా ఎక్కువ నోటీసు ఉందేమో కూడా ఒకసారి చూడండి. రెండింటిలో ఉద్యోగికి ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

రెండో_మజిలీ

నాకు ఇలాంటి లేఖే వచ్చింది, అందుకే రాస్తున్నాను. నా లేఖలో "చివరి పనిదినం" అని ఒక తేదీ, "జీతం చెల్లింపు" అని ఇంకో తేదీ, కింద "ఉద్యోగ ముగింపు" అని మూడో తేదీ ఉన్నాయి. మూడూ వేర్వేరు. ఆరోగ్య బీమా ఏ తేదీ వరకు ఉంటుందో ఎవరినడిగినా తెలియదు. ఆ మధ్యలోనే మా అమ్మకు ఆసుపత్రి అవసరం పడింది. బీమా కంపెనీ ఒక తేదీ చూపించింది, ఆఫీసు ఇంకో తేదీ చూపించింది.

తర్వాత ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అనుభవ ధ్రువపత్రంలో "తొలగించబడ్డారు" అన్న ఒక్క మాట చూసి ప్రతిచోటా ఎందుకు తీశారు అని అడిగేవారు. నా తప్పు లేదని ప్రతిసారీ నేనే చెప్పుకోవాలి. మీరు ఇంత ఆలోచిస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ ధ్రువపత్రంలో "పోస్టు రద్దు కారణంగా" అని రాయించండి. ఆయనకు డబ్బు కన్నా అదే ఎక్కువ రోజులు పనికొస్తుంది.

లెక్కలపుస్తకం

@రెండో_మజిలీ మీకు జరిగింది చదివి బాధనిపించింది. ధ్రువపత్రం మాట తప్పకుండా లేఖలోనే రాస్తాను, జూలై 5నే ఇస్తామని. తేదీ కూడా ఒక్కటే ఉంచుతాను. బీమా ఎప్పటివరకో కూడా కనుక్కుని రాస్తాను.

ఆస్తుల మాట ఎవరూ చెప్పలేదు. అది సరిగ్గానే ఉందా?

సొంతపని

అది అలాగే ఉంచండి. నాకూ చిన్న వ్యాపారం ఉంది. ఒకతను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లిపోయాడు, ఫోను ఎత్తడు. డబ్బు చేతిలో పెట్టాక వస్తువు వెనక్కి రాదు. "ఆస్తులు అందిన తర్వాతే బకాయిలు" అన్నది సంస్థకు ఉన్న ఒకే ఒక్క పట్టు.

పాతఫైళ్లు

మీ బాధ నిజమే, కానీ ఆ వాక్యం ప్రమాదం. చేసిన పనికి జీతం ఆయన ఇప్పటికే సంపాదించుకున్నారు. దాన్ని లాప్‌టాప్‌కు తాకట్టు పెట్టుకోవడం చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. జీతంలోంచి కోత వేయాలన్నా ఏ ఏ కారణాలకు వేయవచ్చో గీత గీసి ఉంటుంది, చాలా చోట్ల ఉద్యోగి రాతపూర్వక అంగీకారం కావాలి. నిబంధనల ప్రకారం ఇచ్చే పరిహారం సంగతి కూడా దాదాపు అంతే. దానికి మించి సంస్థ తన ఇష్టంతో అదనంగా ఏదైనా ఇస్తుంటే, దానికి షరతు పెట్టవచ్చు.

సొంతపని

అంటే లాప్‌టాప్ పోయినా నోరు మూసుకోవాలా?

పాతఫైళ్లు

వస్తువు కోసం విడిగా అడగవచ్చు, రాతపూర్వకంగా గడువు పెట్టవచ్చు, ఇవ్వకపోతే ఫిర్యాదు చేయవచ్చు. జీతం ఆపితే మాత్రం తప్పు మీ వైపుకు మారుతుంది. లాప్‌టాప్ ఇవ్వనివాడు ఫిర్యాదుదారు అయిపోతాడు.

సొంతపని

నేను ఒప్పుకోను. కాగితం మీద న్యాయం వేరు, వస్తువు పోగొట్టుకున్నవాడి బాధ వేరు.

తీగలగూడు

సంస్థల్లో పరికరాలు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం నా పని. గొడవల్లో చాలావరకు దొంగతనం వల్ల రావు, రాత సరిగా లేకపోవడం వల్ల వస్తాయి. @లెక్కలపుస్తకం గారి లేఖనే చూడండి. ఒక వాక్యంలో "నోటీసు కాలంలో విధులకు హాజరు కావాలి", పక్క వాక్యంలో "ఆస్తులన్నీ వెంటనే అప్పగించాలి". లాప్‌టాప్ ఇచ్చేసి ఆయన నెల రోజులు దేని మీద పని చేస్తారు?

"ఆస్తులన్నీ" అన్న మాట ఎప్పుడూ రాయకండి. మీ పరికరాల రిజిస్టరు తెరిచి ఒక్కొక్కటీ క్రమసంఖ్యతో రాయండి. డిజైనర్ కాబట్టి కంప్యూటర్‌కు తగిలించి బొమ్మలు గీసే గీతల పలక, దాని పెన్ను, ఇంటికి తీసుకెళ్లిన మానిటర్, రంగుల నమూనా పుస్తకం ఉంటాయి. పెన్ను మరిచిపోకండి, చిన్న వస్తువే కానీ దాని మీద జరిగినంత వాదన లాప్‌టాప్ మీద కూడా జరగదు. రిజిస్టరులో లేని వస్తువును లేఖలో అడగకండి.

మానిటర్ లాంటిది ఇంట్లో ఉంటే ఎవరు తెస్తారు, రవాణా ఖర్చు ఎవరిది అన్నది కూడా రాయాలి. సంస్థే భరించడం న్యాయం. అందిన రోజునే ఏ వస్తువు ఏ స్థితిలో వచ్చిందో రాసి, సంతకం పెట్టి రసీదు ఇవ్వండి. ఆ రసీదు ఆయనకు రక్షణ. ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చినవాళ్లు రిజిస్టరు చూసి "ఛార్జర్ రాలేదు" అని ఫోను చేసిన సందర్భాలు నాకు తెలుసు.

లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేసి ఇవ్వవద్దని, సొంత ఫొటోలూ కాగితాలూ ఉంటే ముందే తీసుకోవడానికి ఒక రోజు ఇస్తామని రాయండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది శుభ్రంగా చెరిపి ఇస్తారు, దాంతో సంస్థ ఫైళ్లు కూడా పోతాయి.

జీతాలరోజు

గీతల పలక మీద పెన్ను కోసం ఒక నెల నడిచిన ఈమెయిళ్లు నేనూ చూశాను. చివరికి అది సొరుగులోనే దొరికింది :)

తీగలగూడు

ఇంకొకటి, దీన్ని అందరూ మరిచిపోతారు. కంటికి కనిపించని ఆస్తులు. డిజైన్లకు బొమ్మలు కొనే వెబ్‌సైటులో మీ సంస్థ ఖాతా, అక్షరాల ఫాంట్ల లైసెన్సు, ముద్రణ కేంద్రం పోర్టల్ ఇవన్నీ ఆయన ఈమెయిలుతో తెరిచి ఉండవచ్చు. లోపలికి వెళ్లడానికి వచ్చే కోడు ఆయన సొంత ఫోనుకు వస్తుంటుంది. చివరి రోజు సాయంత్రం ఆయన ఈమెయిలు మూసేస్తే, మర్నాడు ఆ ఖాతాలోకి మీరు కూడా వెళ్లలేరు. కాబట్టి ఈమెయిలు మూయకముందే, ఆయన పనిలో ఉండగానే, ఒక్కో ఖాతా యాజమాన్యం సంస్థ ఈమెయిలుకు మార్చాలి. దానికి లేఖలో విడిగా తేదీ పెట్టండి, చివరి రోజుకు వారం ముందు.

లెక్కలపుస్తకం

ముద్రణ కేంద్రం పోర్టల్ ఆయన పేరు మీదే ఉంది! ఇప్పుడే చూశాను. కోడు ఆయన ఫోనుకే వస్తుంది. రిజిస్టరులో మానిటర్ కూడా ఆయన పేరున ఉంది, రంగుల పుస్తకం లేదు.

జీతాలరోజు

ఇక డబ్బు లెక్క. జూన్ జీతాన్ని తుది బకాయిల్లో కలపకండి. అది అందరితో పాటు మామూలు జీతాల రోజునే పడాలి. ఇల్లు నడవాలి కదా. తుది లెక్కలో వచ్చేవి జూలై అయిదు రోజులు, మిగిలిన సెలవులు, పరిహారం.

జూలైకి 31 రోజులు కాబట్టి 45,000ను 31తో భాగించి అయిదు రోజులకు 7,258. సెలవులు జూన్ ఆఖరుకు 12 జమ, 7 పోగా 5 మిగిలాయి. ఇక్కడ ఒక ప్రశ్న. మీ దగ్గర సెలవు పెడితే పనిదినాలే తగ్గుతాయా, ఆదివారాలు కూడా కలుస్తాయా?

లెక్కలపుస్తకం

పనిదినాలే.

జీతాలరోజు

అయితే ఒక రోజు విలువ కట్టేటప్పుడు కూడా పనిదినాలతోనే భాగించాలి. నెలకు 22 పనిదినాలు అనుకుంటే రోజుకు 2,045, అయిదు రోజులకు 10,227. 30తో భాగిస్తే 7,500 మాత్రమే వస్తుంది. సెలవు తీసుకునేటప్పుడు పనిదినం, డబ్బుగా మార్చేటప్పుడు క్యాలెండరు రోజు అంటే ఉద్యోగికి నష్టం.

నల్లసిరా

మా దగ్గర ఎప్పుడూ 30తోనే భాగిస్తారు. అందరూ అలాగే చేస్తారు.

జీతాలరోజు

చాలామంది చేస్తారు, ఒప్పుకుంటాను. అందువల్ల అది సరైపోదు.

పాతఫైళ్లు

ఇందులో నేను ఇద్దరి మధ్యలో ఉన్నాను. తర్కం @జీతాలరోజు వైపు ఉంది. కానీ ఒప్పందంలోనో చట్టంలోనో భాజకం రాసి ఉంటే దానిదే మాట. ఏమీ రాసి లేకపోతే ఇంతకుముందు వెళ్లిన ఉద్యోగులకు ఎలా కట్టారో చూడాలి. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా కడితే ప్రశ్న వస్తుంది. ఏ పద్ధతి వాడినా లెక్క కాగితంలో భాజకం కనిపించేలా రాయండి. "సెలవుల బకాయి: 10,227" అని రాసి వదిలేయకండి. "5 రోజులు, నెల జీతం 45,000, 22 పనిదినాలు" అని చూపించండి. మొత్తం ఒక్క అంకెగా ఇచ్చినప్పుడు వచ్చే అనుమానం విడివిడిగా చూపిస్తే రాదు.

లెక్కలపుస్తకం

ఇంతకుముందు వెళ్లినవాళ్లకు 30తో కట్టినట్టు పాత కాగితాల్లో ఉంది. వాళ్లు మాత్రం రాజీనామా చేసి వెళ్లినవాళ్లు. యజమానితో మాట్లాడాలి. నాకు 22 న్యాయంగా అనిపిస్తోంది.

రెండో_మజిలీ

చివర్లో "నాకు ఇక రావలసినది ఏమీ లేదు" అన్న సంతకం సంగతి ఏమిటి? నా చేత కూడా అదే పెట్టించుకున్నారు, డబ్బు రాకముందే. ఆ రోజు బుర్ర పనిచేయలేదు, చూపించిన చోట పెట్టేశాను.

పాతఫైళ్లు

అది తీసేయాలి. లేఖ అందిందని సంతకం వేరు, హక్కులు వదులుకున్నానని సంతకం వేరు. రెండూ ఒకే గీత మీద ఉండకూడదు. ఉద్యోగం పోయిందన్న మాట విన్న నిమిషంలో పెట్టించుకున్న అంగీకారం నిలబడటం కూడా కష్టం. "ఈ లేఖ ప్రతి ఫలానా తేదీన అందింది" అంతే చాలు. ఆ తేదీ ఉద్యోగి చేతే రాయించండి, నోటీసు లెక్కకు అదే ఆధారం.

"తప్పక తిరిగి పిలుస్తాం" కూడా వద్దు. దయతో రాసినా ఆయన దాన్ని నమ్ముకుని వేరే అవకాశం వదులుకోవచ్చు. నిజంగా పిలిచే ఉద్దేశం ఉంటే "ఇలాంటి పోస్టు మళ్లీ ఏర్పడితే మీకు తెలియజేస్తాం" అనండి. తెలియజేయడం మీ చేతిలో ఉన్న పని.

తొలికిరణం

ఇంత జాగ్రత్తగా రాస్తే లేఖ మరీ కటువుగా ఉండదా? ఆరేళ్లు పని చేసిన మనిషికి ఒక మంచి మాట కూడా ఉండాలి కదా.

పాతఫైళ్లు

ఉండాలి, ఒక్క వాక్యం, నిజమైనది. ఆయన చేసిన పని ఏదైనా పేరు పెట్టి చెప్పండి. "మీరు మా కుటుంబ సభ్యులు" లాంటివి మాత్రం ఇలాంటి లేఖలో చాలా బాధపెడతాయి.

లెక్కలపుస్తకం

అందరి మాటలూ కలిపి మళ్లీ రాశాను. చూడండి.

"తేదీ: జూన్ 5.

సంస్థ సొంత బ్రాండు సరుకు తయారీని, అమ్మకాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. అందువల్ల ప్యాకేజింగ్ డిజైనర్ పోస్టు రద్దవుతోంది. మీ అనుభవానికి తగిన వేరే పోస్టు ప్రస్తుతం సంస్థలో లేదు. ఈ నిర్ణయానికి మీ పనితీరుతో గానీ ప్రవర్తనతో గానీ సంబంధం లేదు.

మీ ఒప్పందం ప్రకారం ఈ లేఖ ద్వారా నెల రోజుల నోటీసు ఇస్తున్నాం. మీ ఉద్యోగం జూలై 5తో ముగుస్తుంది. అప్పటి వరకు జీతం, ఇతర సదుపాయాలు యథాతథంగా కొనసాగుతాయి. జూన్ 29 నుంచి మీరు కార్యాలయానికి రానవసరం లేదు. నోటీసు కాలంలో ఇంటర్వ్యూల కోసం సెలవు కావాలంటే జీతం తగ్గించకుండా ఇస్తాం.

జూన్ జీతం మామూలు తేదీకే జమ అవుతుంది. జూలై 1 నుంచి 5 వరకు జీతం, వాడుకోని 5 సెలవుల విలువ, 7 ఏళ్ల సర్వీసుకు పరిహారం 1,57,500 జూలై 5న మీ ఖాతాలో జమ చేస్తాం. లెక్క వివరాలు, పన్ను మినహాయింపులు జతపరిచిన కాగితంలో ఉన్నాయి. లెక్కలో తేడా అనిపిస్తే ఎప్పుడైనా అడగవచ్చు.

జతపరిచిన జాబితాలోని వస్తువులను జూన్ 26న అప్పగించండి. మానిటర్‌ను మీ ఇంటి నుంచి సంస్థ ఖర్చుతో తెప్పించుకుంటాం. అన్నిటికీ అదే రోజు రసీదు ఇస్తాం. లాప్‌టాప్‌లోని సంస్థ ఫైళ్లు చెరపకండి. మీ సొంత ఫైళ్లు తీసుకోవడానికి జూన్ 25న సమయం కేటాయించాం. ముద్రణ కేంద్రం పోర్టల్ ఖాతాను జూన్ 19లోగా సంస్థ పేరుకు మార్చడానికి సహకరించండి.

జూలై 5న ఇచ్చే అనుభవ ధ్రువపత్రంలో పోస్టు రద్దు కారణంగా ఉద్యోగం ముగిసిందని రాస్తాం. ఇలాంటి పోస్టు మళ్లీ ఏర్పడితే మీకు తెలియజేస్తాం. మా మొదటి సరుకు పెట్టె నుంచి చివరి పెట్టె వరకు ప్రతిదీ మీరు గీసిందే. అందుకు సంస్థ మీకు కృతజ్ఞతలు తెలుపుతోంది.

ఈ లేఖ ప్రతి నాకు ______ తేదీన అందింది. (సంతకం)"

జీతాలరోజు

చాలా బాగుంది. 22తో కడితే జూలై 5న పడవలసింది పన్నుకు ముందు 7,258, 10,227, 1,57,500 కలిపి 1,74,985. జీతాల బ్యాంకు ఆ రోజు పనిచేస్తుందో లేదో చూసుకుని రాయండి. జూలై 5 సెలవు అయితే ముందు పనిదినాన వేయండి. లేఖలో చెప్పిన తేదీ దాటితే మళ్లీ మొదటికి వస్తుంది.

తీగలగూడు

పోర్టల్ సంగతి బాగా రాశారు. బొమ్మలు, అక్షరాల లైసెన్సులు కూడా చూసుకుని ఆయన పేరున ఉంటే జాబితాలో కలపండి.

సొంతపని

నా అభిప్రాయం మారలేదు, కానీ రసీదు, క్రమసంఖ్యలు, విడి గడువు నేను కూడా మొదలుపెడతాను. అదనంగా ఏదైనా ఇస్తే దానికి షరతు పెట్టవచ్చన్న మాట నచ్చింది.

పాతఫైళ్లు

@లెక్కలపుస్తకం, ఇప్పుడు సంతకం పెట్టేముందు మీ దగ్గరి న్యాయవాదికి ఒకసారి చూపించండి. ముందుగా సంప్రదింపులు జరపాలనో, ప్రభుత్వ శాఖకు తెలపాలనో మీ చోట నియమం ఉంటే అది లేఖకన్నా ముందు జరగాలి. ఇంకోటి, ఆయనకు ఈ విషయం లేఖ ద్వారానే మొదటిసారి తెలియకూడదు. ముందు కూర్చోబెట్టి చెప్పండి, లేఖ తర్వాత.

లెక్కలపుస్తకం

యజమాని ముందు రోజు ఫోనులో మాట్లాడతానన్నారు. న్యాయవాదికి కూడా పంపుతున్నాను. సెలవుల భాజకం మాత్రం ఇంకా తేలలేదు, యజమాని పాత పద్ధతే అంటున్నారు. నేను అడుగుతూనే ఉన్నాను.

రెండో_మజిలీ

ఒక ప్రశ్న. ఆయన గీసిన పెట్టెల బొమ్మలు కొత్త ఉద్యోగానికి చూపించుకోవచ్చా? డిజైనర్‌కు అవే కదా అర్హత పత్రాలు. ఫైళ్లు చెరపకండి, సొంత ఫైళ్లే తీసుకోండి అంటే ఆయన భయపడి ఒక్కటి కూడా తీసుకోరు.

పాతఫైళ్లు

హక్కులు సాధారణంగా సంస్థవే. ఇప్పటికే అమ్మకానికి వెళ్లిన పెట్టెల చిత్రాలను ఉద్యోగ ప్రయత్నానికి చూపించుకోవచ్చని ఒక వాక్యం కలిపితే ఎవరికీ నష్టం లేదు. బయటికి రాని డిజైన్లు మాత్రం వద్దు.

తీగలగూడు

అసలు ఫైళ్లు ఇవ్వనక్కర్లేదు, బొమ్మలుగా మార్చి 25వ తేదీన ఆయనకు ఇచ్చేయండి. అప్పుడు ఏవి వెళ్లాయో మీ దగ్గర కూడా జాబితా ఉంటుంది.

లెక్కలపుస్తకం

సొంత బ్రాండు ఎలాగూ ఆగిపోయింది కాబట్టి యజమాని కాదనరనే అనుకుంటున్నాను. ఆ వాక్యం కలిపి న్యాయవాదికి ఇప్పుడే పంపుతున్నాను.